మూడు ధరల నుంచి డ్రా నో బెట్, డబుల్ ఛాన్స్ ఫెయిర్ ధరలు రాబట్టడం ఎలా

2022 డిసెంబర్ 18న లుసైల్ స్టేడియంలో అర్జెంటీనా ప్రపంచ కప్ గెలిచింది. అయినా ఫుట్‌బాల్ పందెం మార్కెట్ లెక్కలో ఆ ఫైనల్ ఫలితం డ్రా. మామూలు మూడు ఫలితాల మార్కెట్ 90 నిమిషాలు, దానికి రిఫరీ కలిపిన సమయం వరకే చూస్తుంది. ఆ సమయానికి స్కోరు 2-2. ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-3 అయింది, తర్వాత పెనాల్టీలు, ట్రోఫీ అన్నీ వచ్చాయి గానీ ఈ మార్కెట్‌కు వాటితో పని లేదు. అర్జెంటీనా మీద డ్రా నో బెట్ వేసినవారికి పెట్టిన డబ్బు తిరిగి వచ్చింది. ‘అర్జెంటీనా లేదా డ్రా’ అనే డబుల్ ఛాన్స్ గెలిచింది. ‘ఎవరో ఒకరు గెలుస్తారు’ అనే డబుల్ ఛాన్స్ ఓడింది.

ఈ ఒక్క మ్యాచ్‌లోనే మూడు మార్కెట్ల సంబంధం బయటపడుతుంది. డ్రా నో బెట్, డబుల్ ఛాన్స్ అనేవి కొత్తగా పుట్టిన అంచనాలు కావు. హోమ్ గెలుపు, డ్రా, అవే గెలుపు అనే మూడు సంభావ్యతలనే వేరే విధంగా కలిపి, విడదీసి చూపే ధరలు అవి. అందుకే మూడు ధరలు చేతిలో ఉంటే మిగతా ఐదూ (డ్రా నో బెట్ రెండు, డబుల్ ఛాన్స్ మూడు) మనమే లెక్కించుకోవచ్చు. సూత్రాలు రెండు నిమిషాల్లో వచ్చేస్తాయి. కష్టమంతా బుక్‌మేకర్ మార్జిన్‌ను మూడు ధరల్లోంచి ఎలా తీస్తాం అన్న దగ్గరే ఉంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ముందుగా ఒక మాట. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి నిషేధించాయి. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. కాబట్టి ఇక్కడ ఉన్నవాళ్లకు ఇది మ్యాచ్ ధరలు చదివి సంభావ్యతలు అర్థం చేసుకునే లెక్క మాత్రమే. బ్రిటన్ లాంటి, పందెం చట్టబద్ధమైన చోట ఉన్న మనవాళ్లకు, ఒక ధర ఎంత ఖరీదైనదో తెలుసుకోవడానికి కూడా పనికొస్తుంది.

మొదటి మెట్టు: ధరలు సరిగా తీసుకోవడం

మూడు ధరలూ ఒకే బుక్‌మేకర్ దగ్గర, ఒకే సమయంలో రాసుకోవాలి. హోమ్ ధర ఒక చోట, డ్రా ధర ఇంకో చోట, ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఏరుకుంటే మొత్తం మార్జిన్ చాలా తక్కువగా కనిపిస్తుంది. కానీ ఆ మూడు ధరలూ ఒకే అంచనా నుంచి వచ్చినవి కావు కాబట్టి వాటి మధ్య నిష్పత్తి వంకరపోతుంది. మనకు కావలసింది ఆ నిష్పత్తే.

ఉదాహరణకు ఒక లీగ్ మ్యాచ్ ధరలు ఇలా ఉన్నాయనుకుందాం: హోమ్ 2.10, డ్రా 3.40, అవే 3.60. ఇవన్నీ దశాంశ ధరలు. అంటే 100 పెట్టి గెలిస్తే పెట్టిన డబ్బుతో కలిపి 210 చేతికి వస్తుంది. ఒకటిని ధరతో భాగిస్తే ఆ ధర చెబుతున్న సంభావ్యత వస్తుంది.

```
1/2.10 = 0.4762
1/3.40 = 0.2941
1/3.60 = 0.2778
మొత్తం  = 1.0481
```

మూడు ఫలితాల్లో ఏదో ఒకటి జరిగి తీరాలి కాబట్టి నిజమైన సంభావ్యతల మొత్తం 1 ఉండాలి. పైన ఉన్న 0.0481 బుక్‌మేకర్ కలుపుకున్న మార్జిన్. మొత్తం 1 కంటే తక్కువ వస్తే ఏదో ఒక ధర పాతబడిపోయి ఉంటుంది, లేదా మీరు తప్పు రాసుకుని ఉంటారు. ముందుకు వెళ్లకుండా మళ్లీ చూసుకోండి.

రెండో మెట్టు: మార్జిన్‌ను సమపాళ్లలో తీయడం

అందరూ మొదట చేసేది ఇదే. ప్రతి సంభావ్యతనూ 1.0481తో భాగించేయడం. అప్పుడు హోమ్ 0.4543, డ్రా 0.2806, అవే 0.2650 వస్తాయి. మొత్తం సరిగ్గా 1. వీటినే h, d, a అని పిలుచుకుందాం.

మూడో మెట్టు: డ్రా నో బెట్

ఫెయిర్ ధర అంటే ఏ వైపూ లాభం గానీ నష్టం గానీ లేని ధర. హోమ్ మీద డ్రా నో బెట్‌లో ఒక రూపాయి పెట్టామనుకుందాం. ధర P అయితే, h సంభావ్యతతో P−1 రూపాయలు లాభం వస్తుంది. a సంభావ్యతతో రూపాయి పోతుంది. డ్రా అయితే పెట్టింది వెనక్కి వస్తుంది, లాభమూ లేదు నష్టమూ లేదు. రెండు వైపులా తూగాలంటే h × (P−1) = a కావాలి.

```
హోమ్ డ్రా నో బెట్ = 1 + a/h = 1 + 0.2650/0.4543 = 1.583
అవే డ్రా నో బెట్  = 1 + h/a = 1 + 0.4543/0.2650 = 2.714
```

సరిచూసుకోవడం తేలిక. 1/1.583, 1/2.714 కలిపితే 1 రావాలి, వస్తుంది కూడా.

ఇక్కడ ఆగి ఈ సూత్రాన్ని ఇంకోసారి చూడండి. అందులో d లేనే లేదు. హోమ్, అవే సంభావ్యతల నిష్పత్తి మారకుండా డ్రా ఒక్కటే పెరిగినా, తగ్గినా డ్రా నో బెట్ ఫెయిర్ ధర కదలదు. పైగా సమపాళ్ల పద్ధతిలో h, a రెండిటినీ ఒకే సంఖ్యతో భాగించాం కాబట్టి a/h లెక్కలో ఆ సంఖ్య కొట్టుకుపోతుంది. అంటే ఇంత చుట్టూ తిరగకుండా నేరుగా 1 + 2.10/3.60 అన్నా అదే 1.583 వస్తుంది. మార్జిన్ 2 శాతమైనా 10 శాతమైనా ఈ పద్ధతికి తేడా తెలియదు. చూడ్డానికి ఇది ఎంతో సౌకర్యంగా ఉంటుంది. ఈ పద్ధతి బలహీనత కూడా ఇదే. అది ఆరో మెట్టులో తెలుస్తుంది.

నాలుగో మెట్టు: డబుల్ ఛాన్స్

ఇది ఇంకా సులువు. రెండు ఫలితాల సంభావ్యతలు కలిపి, ఒకటిని ఆ మొత్తంతో భాగించడమే. తెరమీద 1X అంటే హోమ్ లేదా డ్రా, X2 అంటే డ్రా లేదా అవే, 12 అంటే డ్రా కాకుండా ఏదైనా.

```
1X = 1/(h+d) = 1/0.7350 = 1.361
X2 = 1/(d+a) = 1/0.5457 = 1.833
12 = 1/(h+a) = 1/0.7194 = 1.390
```

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. ఈ మూడు ధరలను తిరగేసి కలిపితే మొత్తం 1 రాదు, 2 వస్తుంది. మ్యాచ్ ఫలితం ఏదైనా మూడు డబుల్ ఛాన్సుల్లో రెండు గెలుస్తాయి. కాబట్టి 2 రావడమే సరైనది. బుక్‌మేకర్ ఇచ్చిన డబుల్ ఛాన్స్ ధరల మార్జిన్ చూడాలన్నా మొత్తాన్ని 2తో భాగించాలి. ఉదాహరణకు 1X 1.30, X2 1.72, 12 1.33 అని ఇచ్చారనుకోండి. తిరగేసి కలిపితే 2.1025. దాన్ని 2తో భాగిస్తే 1.0513, అంటే మార్జిన్ 5.1 శాతం. ఆ 2.1025ను చూసి 110 శాతం మార్జిన్ అనుకుని హడలిపోవడం గానీ, మూడిటినీ మొత్తం 1 అయ్యేలా కుదించేసి సంభావ్యతలు సగానికి సగం పోగొట్టుకోవడం గానీ జరగకూడదు.

ఐదో మెట్టు: ఫెయిర్ ధర వేరు, కట్టుకోగల ధర వేరు

పైన లెక్కించింది మార్జిన్ లేని ధర. అది ఎక్కడా అమ్మకానికి ఉండదు. కానీ అదే మూడు ధరలతో డ్రా నో బెట్‌ను మనమే కట్టుకుంటే ఏ ధర పడుతుందో కూడా తెలిసి ఉండాలి. ఎందుకంటే బుక్‌మేకర్ విడిగా ఇచ్చే డ్రా నో బెట్ దానికంటే మెరుగ్గా ఉందా, తీసికట్టుగా ఉందా అన్నది చూడాల్సింది దీనితోనే.

కట్టే తీరు ఇది. మొత్తం 100లో కొంత డ్రా మీద పెట్టాలి. డ్రా అయితే సరిగ్గా 100 వెనక్కి రావాలి కాబట్టి ఆ భాగం 100/3.40, అంటే 29.41. మిగతా 70.59 హోమ్ మీద. హోమ్ గెలిస్తే 70.59 × 2.10 = 148.24 వస్తుంది. అంటే మనం కట్టుకున్న డ్రా నో బెట్ ధర 1.482. ఇదే విధంగా అవే వైపు 3.60 × 0.7059 = 2.541.

1.583 ఫెయిర్ ధర, 1.482 కట్టుకోగల ధర. తేడా చిన్నది కాదు. 1.482, 2.541 తిరగేసి కలిపితే 1.0681. మూడు ఫలితాల మార్కెట్‌లో 4.8 శాతం ఉన్న మార్జిన్ ఇక్కడ 6.8 శాతం అయింది. డబ్బు ఎక్కడా కొత్తగా పోలేదు. డ్రా అయినప్పుడు పెట్టింది పెట్టినట్టు వెనక్కి వస్తోంది కాబట్టి, ఆ మార్జిన్ అంతా నిజంగా గెలుపోటములు తేలే మిగతా 70 శాతం మీద పడింది. మూడు ధరల మార్జిన్‌ను 0.7059తో భాగిస్తే సరిగ్గా ఈ 6.8 వస్తుంది. అందుకే డ్రా నో బెట్ మార్జిన్‌ను మూడు ఫలితాల మార్జిన్‌తో నేరుగా పోల్చకూడదు.

డబుల్ ఛాన్స్‌లో కట్టుకోగల ధర అంటే మార్జిన్ తీయని సంభావ్యతలనే కలపడం. X2కు 1/(0.2941 + 0.2778) = 1.749. పైన బుక్‌మేకర్ ఇచ్చింది 1.72. అంటే డ్రా మీద 51.43, అవే మీద 48.57 విడివిడిగా పెడితే రెండిట్లో ఏది జరిగినా 174.86 దాకా వస్తుంది. డబుల్ ఛాన్స్ అని ఒకే చీటీగా తీసుకుంటే 172. అదే మ్యాచ్, అదే బుక్‌మేకర్, అదే రిస్క్. సౌకర్యం పేరుతో అదనపు రుసుము ఎక్కడ పడుతోందో పట్టుకునే తేలిక పద్ధతి ఇదే.

ఆరో మెట్టు: సమపాళ్ల పద్ధతి ఎక్కడ తడబడుతుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సమపాళ్ల పద్ధతి బుక్‌మేకర్ ప్రతి ధర మీదా ఒకే నిష్పత్తిలో మార్జిన్ వేశాడని అనుకుంటుంది. నిజానికి గెలిచే అవకాశం తక్కువున్న జట్టు ధరలో మార్జిన్ ఎక్కువ ఉండటం, ఫేవరెట్ ధరలో తక్కువ ఉండటం పందెం మార్కెట్లలో తరచూ కనిపించే ధోరణి. గుర్రపు పందేల్లో ఈ ధోరణిని ఆర్.ఎం. గ్రిఫిత్ 1949లోనే రాశారు. అందుచేత మార్జిన్ తీసేటప్పుడు కూడా బలహీన జట్టు నుంచి ఎక్కువ, ఫేవరెట్ నుంచి తక్కువ తీయాలి.

ఇందుకు వాడే పద్ధతుల్లో ఘాత పద్ధతి చేయడం తేలిక. ప్రతి 1/ధరనూ k అనే ఒకే ఘాతానికి పెంచుతాం. మూడూ కలిపితే సరిగ్గా 1 అయ్యే k ఏదో వెతుకుతాం. ఒకటి కంటే తక్కువున్న సంఖ్యను ఘాతానికి పెంచితే చిన్న సంఖ్య నిష్పత్తిలో ఎక్కువ తగ్గుతుంది, పెద్దది తక్కువ తగ్గుతుంది. మనకు కావలసింది సరిగ్గా అదే. ఆర్థికవేత్త హ్యున్ సాంగ్ షిన్ 1990ల మొదట్లో లోపలి సమాచారం ఉన్నవారి పందేలను లెక్కలోకి తీసుకుని కట్టిన నమూనా కూడా దిద్దుబాటును ఇదే దిశలో చేస్తుంది. అది కొంచెం పెద్ద లెక్క కాబట్టి ఇక్కడ ఘాత పద్ధతితోనే వెళ్దాం.

మన మ్యాచ్‌కు k విలువ 1.0461 దగ్గర తేలుతుంది. సంభావ్యతలు హోమ్ 0.4602, డ్రా 0.2780, అవే 0.2618. హోమ్ డ్రా నో బెట్ 1.583 నుంచి 1.569కి తగ్గింది, అవే 2.714 నుంచి 2.757కి పెరిగింది. డబుల్ ఛాన్సులు 1.355, 1.852, 1.385. రెండు జట్లూ మరీ దూరం లేని మ్యాచ్ కాబట్టి తేడా స్వల్పమే.

ఇప్పుడు ఏకపక్షమైన మ్యాచ్ తీసుకుందాం. హోమ్ 1.30, డ్రా 5.50, అవే 10.00 అనుకోండి. తిరగేసి కలిపితే 1.0510. మార్జిన్ మొదటి మ్యాచ్‌కు దగ్గర్లోనే ఉంది. సమపాళ్లలో తీస్తే అవే సంభావ్యత 0.0951, ఘాత పద్ధతిలో (k సుమారు 1.0726) 0.0846. చూడ్డానికి ఒక్క శాతం తేడా. కానీ అవే డ్రా నో బెట్ సమపాళ్లలో 8.69, ఘాత పద్ధతిలో 9.92. X2 డబుల్ ఛాన్స్ 3.73కు బదులు 4.08. ఎవరైనా అవే మీద డ్రా నో బెట్ 9.00 ఇస్తే సమపాళ్ల లెక్క దాన్ని లాభసాటి ధర అంటుంది. ఘాత లెక్క ప్రకారం అదే ధర దాదాపు పదో వంతు తక్కువ. మనుషులు లేని లాభాన్ని చూసేది ఎక్కువగా ఇలాంటి చోటే.

కారణం మూడో మెట్టులో చెప్పిన సౌకర్యంలోనే ఉంది. సమపాళ్ల పద్ధతిలో మార్జిన్ నిష్పత్తిలోంచి కొట్టుకుపోతుంది కాబట్టి, బలహీన జట్టు ధరలో దాక్కున్న అదనపు మార్జిన్ అలాగే మిగిలిపోయి, ఆ జట్టు గెలిచే అవకాశంలా కనిపిస్తుంది. పెద్ద సంఖ్యను చిన్న సంఖ్యతో భాగించే h/a లెక్క ఆ చిన్న పొరపాటును పెంచి చూపుతుంది. డబుల్ ఛాన్స్‌లో అలాంటి నిష్పత్తి లేదు, రెండు సంభావ్యతల కూడిక మాత్రమే ఉంది. 1X లాంటి తక్కువ ధరల్లో ఈ తేడా అంతగా కనిపించకపోవడానికి కారణం అదే. ఈ మ్యాచ్‌లో 1X ఒక పద్ధతిలో 1.105, ఇంకో పద్ధతిలో 1.092.

ఘాతం వెతకడానికి స్ప్రెడ్‌షీట్‌లో గోల్ సీక్ వాడొచ్చు. పైథాన్ వచ్చినవాళ్లకు ఇంతే:

```python
o = [2.10, 3.40, 3.60]
lo, hi = 1.0, 2.0
for _ in range(60):
    k = (lo + hi) / 2
    if sum((1/x)**k for x in o) > 1:
        lo = k
    else:
        hi = k
h, d, a = [(1/x)**k for x in o]
print(round(1 + a/h, 3), round(1 + h/a, 3))
print(round(1/(h+d), 3), round(1/(d+a), 3), round(1/(h+a), 3))
```

మొదటి వరుసలో డ్రా నో బెట్ హోమ్, అవే ధరలు, రెండో వరుసలో 1X, X2, 12 వస్తాయి. ధరలను తిరగేసి కలిపితే 1 కంటే ఎక్కువ వచ్చినప్పుడే ఇది పనిచేస్తుంది. మొత్తం 1 కంటే కిందికి పోతే మొదటి మెట్టులో చెప్పినట్టు ధరలు మళ్లీ చూసుకోవాలి.

నా పద్ధతి ఇది. హోమ్, అవే ధరల్లో పెద్దది చిన్నదానికి రెట్టింపు లోపే ఉంటే సమపాళ్ల పద్ధతి చాలు. అంతకంటే దూరం పెరిగితే ఘాత పద్ధతే వాడతాను. రెండు సంఖ్యలూ పక్కపక్కనే రాసుకుని, ఇచ్చిన ధర రెండిటి మధ్యలో పడితే అది ఫెయిర్ ధర పరిధిలో ఉందనే అనుకుంటాను. అక్కడ మూడో దశాంశం గురించి వాదించడం దండగ.

చివరి మెట్టు: ఇంకో మార్కెట్‌తో సరిచూడటం

ఒక జట్టు స్కోరుకు కొన్ని గోల్స్ కలిపి లేదా తీసి ఫలితం చూసే ఆసియన్ హ్యాండిక్యాప్‌లో సున్నా లైన్ అంటే డ్రా నో బెట్టే. డ్రా అయితే పెట్టింది వెనక్కి వస్తుంది, లేదంటే గెలుపో ఓటమో. రెండు జట్లూ దగ్గరగా ఉన్న మ్యాచ్‌లలో ఈ లైన్ మీద పెద్ద మొత్తాలు పడతాయి, మార్జిన్ కూడా తక్కువగా ఉంటుంది. కాబట్టి మన లెక్కకు ఇది మంచి సాక్ష్యం.

మన మొదటి మ్యాచ్‌కు సున్నా లైన్ 1.52, 2.65 అని ఉందనుకుందాం. తిరగేసి కలిపితే 1.0353. ఆ మొత్తంతో భాగిస్తే హోమ్ ఫెయిర్ ధర 1.574, అవే 2.743. మనకు సమపాళ్లలో 1.583, ఘాత పద్ధతిలో 1.569 వచ్చాయి. సున్నా లైన్ ధర ఆ రెండిటి మధ్యలో పడింది కాబట్టి లెక్క కుదిరినట్టే.

అలా కాకుండా సున్నా లైన్ 1.65 దగ్గర ఉందనుకోండి, ముందు లెక్కను కాదు, ధరలు తీసుకున్న సమయాన్ని అనుమానించండి. తుది జట్లు ప్రకటించగానే ధరలు కదులుతాయి, అన్ని మార్కెట్లూ ఒకే క్షణంలో కదలవు. తర్వాత నిబంధనలు చూడండి. నాకౌట్ మ్యాచ్ అయితే ఒకటి 90 నిమిషాలకు, ఇంకొకటి తర్వాతి రౌండ్‌కు వెళ్లే జట్టుకు ఇచ్చిన ధర అయ్యుండొచ్చు. అవి రెండూ వేర్వేరు ప్రశ్నలు. ‘ఎవరు అర్హత సాధిస్తారు’ అన్న ధరను డ్రా నో బెట్‌తో పోల్చి తేడా ఉందనుకోవడం తేలిగ్గా జరిగే పొరపాటు. రెండూ రెండు ఫలితాల మార్కెట్లే కావడంతో ధరలు ఒకేలా కనిపిస్తాయి.

1.30, 10.00 లాంటి ఏకపక్ష మ్యాచ్‌లో ఈ సాక్ష్యం అంతగా పనికిరాదు. అక్కడ డబ్బు ప్రధానంగా ఒకటిన్నర గోల్స్ లైన్ చుట్టూ ఉంటుంది, సున్నా లైన్‌ను పట్టించుకునేవారు తక్కువ, దాని మార్జిన్ ఎక్కువ. అలాంటప్పుడు ఇద్దరు ముగ్గురు బుక్‌మేకర్ల మూడు ధరలూ విడివిడిగా తీసుకుని, ఒక్కొక్కరిదీ ఘాత పద్ధతిలో విడిగా లెక్కించి, వచ్చిన సంభావ్యతల సగటు తీయండి. ధరల సగటు కాదు, సంభావ్యతల సగటు. ఆ సగటు h, d, a లను మూడో, నాలుగో మెట్లలోని సూత్రాల్లో వేస్తే ఐదు ధరలూ వచ్చేస్తాయి.